ఫోటోలో వచ్చిన భిన్నాన్ని పాక్షిక భిన్నాలుగా విడగొట్టి ఇంటిగ్రేట్ చేయడం ఎలా?

బోర్డు మీద రాసిన లెక్కను ఎవరో ఫోటో తీసి పంపుతారు. లేదా నోటుబుక్కు పేజీ ఫోటో గ్రూపులో వస్తుంది. చూడగానే ఇది పాక్షిక భిన్నాల లెక్క అని తెలిసిపోతుంది, వెంటనే A, B, C రాసేసి మొదలుపెడతాం. అర పేజీ అయ్యాక ఎక్కడో పొసగదు. తప్పు మన ఆల్జీబ్రాలో ఉందా, ఫోటోను చదవడంలో ఉందా అన్నది అప్పుడు తేల్చుకోవడం కష్టం. అందుకే ఈ రెంటినీ కలిపి చెబుతున్నాను. ఫోటోను సరిగ్గా చదివామో లేదో చాలావరకు ఆ భిన్నమే చెబుతుంది. ఎక్కడ అడగాలో మనకు తెలిస్తే చాలు.

ఒకే లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. ఫోటోలో ఇలా ఉందనుకోండి:

```
∫ (x⁴ + x³ − 2x² + 4x + 2) / (x³ − x² − x + 1) dx
```

ఇందులో రెండు చోట్ల అనుమానం ఉంది. లవంలో 4x అన్నది 9x లాగా కూడా కనిపిస్తోంది, చేతిరాతలో 4 పైభాగం మూసుకుపోతే అంతే. హారంలో x ముందున్న గుర్తు మీద నీడ పడింది, అది మైనస్సో ప్లస్సో ఖాయంగా చెప్పలేం. మీరు చూసే ఫోటోల్లో కూడా అనుమానం వచ్చేది సాధారణంగా ఇలాంటి చోట్లే: గుర్తులు, చిన్నగా రాసిన ఘాతాలు, 4కీ 9కీ, 1కీ 7కీ మధ్య తేడా.

ముందు కాగితం మీదికి ఎత్తి రాయండి

ఫోన్‌లో చూస్తూ నేరుగా లెక్క చేయకండి. ఫోటోను పెద్దది చేసి లవాన్ని ఒక వరుసలో, హారాన్ని ఇంకో వరుసలో రాసుకోండి. అనుమానం ఉన్న అంకె కింద గీత పెట్టండి. ఈ గీతలు తరువాత చాలా పనికొస్తాయి. లెక్క ఎక్కడైనా మొండికేస్తే మళ్లీ మొత్తం వెతకక్కర్లేదు, ముందు ఆ గీతల దగ్గరికే వెళ్లవచ్చు.

రాసేటప్పుడు భిన్నం గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. చివరి +2 గీత మీదనే ఉందా, లేక గీత దాటి పక్కన ఉందా? పక్కన ఉంటే అది లవంలోది కాదు, విడిగా కలపాల్సిన 2. వంకరగా తీసిన ఫోటోలో ఈ తేడా సులభంగా మరుగున పడుతుంది. హారాన్ని కారణాంకాలుగానే ఇచ్చి ఉంటే బ్రాకెట్ కుడి పక్కన పైమూల చూడండి. (x − 1) మీద చిన్న 2 ఉందా లేదా అన్నదాని మీద మొత్తం విడగొట్టే పద్ధతే మారిపోతుంది. ఆ 2 ఫోటో అంచులో తెగిపోయి ఉండే అవకాశం ఉంటే పంపినవాళ్లను అడగడమే మంచిది.

ఇంటిగ్రల్ గుర్తుకు పైనా కిందా అవధులు ఉన్నాయేమో కూడా ఇప్పుడే చూసుకోండి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

హారంతో ఫోటోను పరీక్షించండి

అన్నిటికన్నా ముందు హారాన్ని కారణాంకాలుగా విడగొట్టి చూడాలి. భాగహారం కన్నా ఇది ముందు ఎందుకంటే, చదవడంలో తప్పుంటే అది ఇక్కడే బయటపడుతుంది.

హారంలో x³ గుణకం 1, చివరి సంఖ్య 1. గుణకాలన్నీ పూర్ణాంకాలే. అలాంటప్పుడు ఈ బహుపదికి అకరణీయ సంఖ్య ఏదైనా మూలంగా ఉంటే అది 1 గానీ −1 గానీ మాత్రమే అవుతుంది. రెండూ వేసి చూడండి.

నీడలో ఉన్నది మైనస్ అనుకుంటే, x = 1 దగ్గర 1 − 1 − 1 + 1 = 0. బాగానే ఉంది. పదాలను జతచేసి రాస్తే:

```
x³ − x² − x + 1 = x²(x − 1) − 1(x − 1)
                = (x − 1)(x² − 1)
                = (x − 1)²(x + 1)
```

అదే ప్లస్ అనుకుంటే హారం x³ − x² + x + 1 అవుతుంది. x = 1 వేస్తే 2 వస్తుంది, x = −1 వేస్తే −2 వస్తుంది. అంటే దీనికి అకరణీయ మూలమే లేదు. ఉన్న ఒక్క వాస్తవ మూలం సుమారు −0.544 దగ్గర ఉంది. పాఠ్యపుస్తకంలో గానీ పరీక్షలో గానీ ఇలాంటి హారం ఇచ్చి పాక్షిక భిన్నాలు చేయమని అడగడం చాలా అరుదు. కాబట్టి ఫోటోలో ఉన్నది మైనస్ అని తీసుకోవచ్చు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. హారం చక్కగా విడిపోయినంత మాత్రాన చదివింది సరైనదని రుజువైపోదు. ఉదాహరణకు x³ − x² + x − 1 కూడా (x − 1)(x² + 1)గా అందంగా విడిపోతుంది. రెండు గుర్తులూ తప్పు చదివితే మీరు ఆ దారిలోకి వెళ్లిపోతారు, ఎక్కడా అడ్డు తగలదు. విడిపోకపోవడం బలమైన హెచ్చరిక, విడిపోవడం మాత్రం ఒక మోస్తరు భరోసా. ఇక లెక్క పుస్తకంలోది కాకుండా ఏదైనా సర్క్యూట్ నుంచో కొలతల నుంచో వచ్చిందైతే, మూలాలు వికారంగా ఉండటం మామూలే. అక్కడ ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు.

అసలు విడగొట్టాల్సిన అవసరం ఉందా?

ఒక్క నిమిషం ఆగి ఇది చూసుకోండి. లవం సరిగ్గా హారం అవకలనమే అయితే పాక్షిక భిన్నాలు అక్కర్లేదు. మన హారానికి అవకలనం 3x² − 2x − 1. లవంలో అదే ఉంటే జవాబు నేరుగా log|x³ − x² − x + 1| + c అయిపోయేది. అలాగే లవంలో x = 1 లేదా x = −1 వేస్తే సున్నా వస్తుందేమో చూడండి. వస్తే పైనా కిందా ఒక కారణాంకం కొట్టివేయవచ్చు, లెక్క చిన్నదైపోతుంది. మన లవంలో x = 1 వేస్తే 6, x = −1 వేస్తే −4 వస్తున్నాయి. కొట్టివేయడానికి ఏమీ లేదు. ఈ రెండు సంఖ్యలనూ ఒక మూల రాసి ఉంచుకోండి, కాసేపట్లో కావాలి.

భాగహారం

లవంలో పెద్ద ఘాతం 4, హారంలో 3. లవం ఘాతం హారం ఘాతం కన్నా తక్కువగా ఉంటేనే పాక్షిక భిన్నాలు పనిచేస్తాయి. సమానంగా ఉన్నా కుదరదు. కాబట్టి ముందు భాగించాలి.

```
లవం:                      x⁴ +  x³ − 2x² + 4x + 2
x·(హారం):                 x⁴ −  x³ −  x² +  x
తీసివేస్తే:                      2x³ −  x² + 3x + 2
2·(హారం):                      2x³ − 2x² − 2x + 2
తీసివేస్తే (శేషం):                       x² + 5x
```

భాగఫలం x + 2, శేషం x² + 5x. అంటే మన భిన్నం ఇలా మారింది:

```
x + 2 + (x² + 5x) / ((x − 1)²(x + 1))
```

తీసివేతలో ప్రతి పదం గుర్తూ మారుతుంది. తొందరలో మొదటి పదం గుర్తు ఒక్కటే మార్చి ముందుకెళ్లిపోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. సరిచూసుకోవడానికి తేలిక మార్గం ఉంది. x = 1 దగ్గరా x = −1 దగ్గరా హారం సున్నా కాబట్టి, ఆ రెండు చోట్లా శేషం విలువ అసలు లవం విలువకు సమానం కావాలి. శేషంలో x = 1 వేస్తే 1 + 5 = 6. x = −1 వేస్తే 1 − 5 = −4. మూల రాసుకున్న సంఖ్యలు ఇవే. భాగహారం మీద నమ్మకంతో ముందుకెళ్లవచ్చు.

ఎన్ని ముక్కలు రాయాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా వెళ్దాం. హారంలో (x − 1) రెండు సార్లు ఉంది. అలాంటి కారణాంకానికి ఒక్క ముక్క చాలదు. ఘాతం 1 నుంచి మొదలుపెట్టి ఉన్న ఘాతం దాకా ప్రతిదానికీ ఒక ముక్క రాయాలి:

```
(x² + 5x) / ((x − 1)²(x + 1)) = A/(x − 1) + B/(x − 1)² + C/(x + 1)
```

రెండు వైపులా హారంతో గుణిస్తే:

```
x² + 5x = A(x − 1)(x + 1) + B(x + 1) + C(x − 1)²
```

ఇది x కు ఏ విలువ ఇచ్చినా నిజం కావాల్సిన సమీకరణం. కాబట్టి మనకు వీలైన విలువలు ఎంచుకోవచ్చు. x = 1 వేస్తే A, C ఉన్న పదాలు పోతాయి, 6 = 2B మిగులుతుంది, B = 3. x = −1 వేస్తే −4 = 4C, C = −1. A కోసం మాత్రం ఇలా అన్నిటినీ మాయం చేసే విలువ లేదు. x² గుణకాలు పోల్చండి: ఎడమ వైపు 1, కుడి వైపు A + C. అంటే A = 1 − (−1) = 2. ఇప్పుడు ఇంకా వాడని విలువ ఒకటి వేసి సరిచూడండి. x = 0 వేస్తే ఎడమ వైపు 0, కుడి వైపు −A + B + C = −2 + 3 − 1 = 0. సరిపోయింది.

హారంలో ఒక కారణాంకాన్ని వేలితో మూసి, మిగిలినదాంట్లో దాని మూలం వేసి గుణకం రాబట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆలివర్ హెవిసైడ్ పేరు మీద ప్రసిద్ధమైన కవర్-అప్ పద్ధతి అదే. ఇక్కడ అది C ని ఇస్తుంది. (x − 1)² మొత్తాన్ని మూస్తే B ని కూడా ఇస్తుంది. A ని మాత్రం ఇవ్వలేదు. (x − 1) ఒక్కదాన్నే మూస్తే కింద ఇంకో (x − 1) మిగిలే ఉంటుంది, x = 1 వేస్తే సున్నాతో భాగించాల్సి వస్తుంది. పదే పదే వచ్చే కారణాంకానికి అన్నిటికన్నా పెద్ద ఘాతం ఉన్న ముక్కకే ఈ చిట్కా పనికొస్తుంది.

ఇప్పుడు A/(x − 1) ముక్కను మరిచిపోయామనుకోండి. B/(x − 1)², C/(x + 1) మాత్రమే రాశాం. x = 1 వేస్తే B = 3 వస్తుంది, x = −1 వేస్తే C = −1 వస్తుంది. రెండు తెలియనివి, రెండూ దొరికాయి, ఎక్కడా ఇబ్బంది కనిపించలేదు. సమాధానం వచ్చేసిందనుకుని ఇంటిగ్రేషన్‌కు వెళ్లిపోతాం. కానీ x = 0 వేసి చూడండి. ఎడమ వైపు 0, కుడి వైపు 3 − 1 = 2. పొసగలేదు. తప్పు ఎక్కడా అరిచి చెప్పదు, ఈ అదనపు విలువ వేస్తేనే తెలుస్తుంది.

భాగహారం మానేసినప్పుడు జరిగేది ఇంకా ఆసక్తికరం. అసలు లవాన్నే తీసుకుని A, B, C రాశారనుకోండి. x = 1 దగ్గర లవం 6, x = −1 దగ్గర −4. కాబట్టి B = 3, C = −1 అనే వస్తాయి, అవి సరైన విలువలే! A దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. x = 0 వేస్తే 2 = −A + 3 − 1, అంటే A = 0. x = 2 వేస్తే 26 = 3A + 9 − 1, అంటే A = 6. ఒకే A కి రెండు విలువలు. ఒక్క విలువ వేసి A తెచ్చుకుని ఆగిపోయిన వాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు. అందుకే గుణకాలు దొరికాక, అప్పటిదాకా వాడని ఒక x విలువ వేయడం తప్పనిసరి అంటాను. అర నిమిషం పని, పైన చెప్పిన రెండు తప్పులనూ అదే పట్టిస్తుంది.

4x గురించి అనుమానం తీర్చుకోవడం

హారం గుర్తు సంగతి తేలింది. లవంలో 4x ఉందా 9x ఉందా అన్నది ఇంకా మిగిలింది. 9x అనుకుని అదే దారిలో చేసి చూడండి. శేషం x² + 10x అవుతుంది. B = 11/2, C = −9/4, A = 13/4. గణితపరంగా ఇందులో తప్పేమీ లేదు, ఇంటిగ్రేట్ కూడా చేయవచ్చు. అయితే 4x అనుకున్నప్పుడు వచ్చినవి 2, 3, −1. లెక్క తయారుచేసేవాళ్లు సాధారణంగా జవాబు వైపు నుంచి మొదలుపెట్టి చిన్న పూర్ణాంకాలు ఎంచుకుంటారు, ఆ తరువాత ముక్కలను కలిపి ప్రశ్న తయారుచేస్తారు. కాబట్టి 4x అనేదే దాదాపు ఖాయం.

ఇది కూడా ఊహే, రుజువు కాదు. అడగడానికి మనిషి అందుబాటులో ఉంటే అడగండి. లేకపోతే జవాబు పైన "లవంలో 4x అని చదివాను" అని ఒక ముక్క రాయండి. ఎవరైనా చూసినప్పుడు మీ ఆల్జీబ్రాను, మీరు చదివిన తీరును విడివిడిగా అర్థం చేసుకుంటారు.

కంప్యూటర్‌తో సరిచూసుకోవాలంటే సింపై అనే పైథాన్ లైబ్రరీ సరిపోతుంది:

```
from sympy import symbols, apart
x = symbols('x')
print(apart((x**4 + x**3 - 2*x**2 + 4*x + 2)
            / (x**3 - x**2 - x + 1)))
```

లవం చుట్టూ, హారం చుట్టూ బ్రాకెట్లు తప్పక ఉండాలి. లేకపోతే చివరి 2 ఒక్కటే x³ తో భాగించబడి, మిగతావన్నీ విడిగా కలిసిపోతాయి. కాగితం మీద భిన్నం గీత చేసే పనిని ఇక్కడ బ్రాకెట్లు చేస్తాయి. ఇంకో మాట: మీరు టైప్ చేసింది సరిగ్గా విడిపోయిందా అన్నదే ఇది చెబుతుంది. ఫోటోలో ఉన్నది అదేనా అన్నది దానికి తెలియదు.

ఇంటిగ్రేషన్

ఇక మిగిలిన పని చిన్నది.

```
∫ [x + 2 + 2/(x − 1) + 3/(x − 1)² − 1/(x + 1)] dx
= x²/2 + 2x + 2 log|x − 1| − 3/(x − 1) − log|x + 1| + c
```

ఒక్క చోట జాగ్రత్త. 3/(x − 1)² కి లాగ్ రాదు. కింద వర్గం ఉంటే అది (x − 1) ఘాతం −2. ఇంటిగ్రేట్ చేస్తే ఘాతం −1 అయి ముందు మైనస్ వస్తుంది, అందుకే −3/(x − 1). వరసగా లాగ్‌లు రాస్తూ ఉంటే చేయి అలవాటుగా ఇక్కడ కూడా లాగ్ రాసేస్తుంది. పరీక్ష టెన్షన్‌లో అయితే మరీను.

జవాబును అవకలనం చేసి x = 2 దగ్గర విలువ చూడండి: 2 + 2 + 2 + 3 − 1/3 = 26/3. అసలు భిన్నంలో x = 2 వేస్తే పైన 16 + 8 − 8 + 8 + 2 = 26, కింద 8 − 4 − 2 + 1 = 3. అదే 26/3. పుస్తకం వెనక జవాబులో రెండు లాగ్‌లను కలిపి log|(x − 1)²/(x + 1)| అని ఉండవచ్చు. అది వేరే జవాబు కాదు.

హారంలో విడిపోని వర్గ సమాసం ఉంటే

పైన చెప్పిన ఇంకో హారం, (x − 1)(x² + 1), నిజంగానే ఫోటోలో ఉందనుకుందాం. x² + 1 వాస్తవ సంఖ్యల్లో విడిపోదు. అప్పుడు దాని పైన ఒక్క స్థిరసంఖ్య చాలదు, Bx + C రాయాలి. ఉదాహరణకు లవం 3x² + 2x − 1 అయితే:

```
3x² + 2x − 1 = A(x² + 1) + (Bx + C)(x − 1)
```

x = 1 వేస్తే 4 = 2A, A = 2. x² గుణకాలు పోలిస్తే A + B = 3, అంటే B = 1. x = 0 వేస్తే −1 = A − C, అంటే C = 3. వాడని విలువ x = 2 వేసి చూడండి: ఎడమ వైపు 15, కుడి వైపు 10 + 5 = 15. ఇంటిగ్రేట్ చేసేటప్పుడు (x + 3)/(x² + 1) ని రెండుగా చీల్చాలి. x/(x² + 1) నుంచి (1/2) log(x² + 1) వస్తుంది, 3/(x² + 1) నుంచి 3 tan⁻¹x వస్తుంది. మొదటి ముక్క 2 log|x − 1|.

వాస్తవ మూలాలు లేవు కాబట్టి విడిపోదు అనే మాట వర్గ సమాసాలకు మాత్రమే చెల్లుతుంది. x⁴ + 1 కి వాస్తవ మూలం ఒక్కటీ లేదు, అయినా అది (x² + √2x + 1)(x² − √2x + 1)గా విడిపోతుంది. గుణించి చూడండి, నిజమే. 1702లో లైబ్నిజ్ అంతటివాడు x⁴ + a⁴ విషయంలో ఇది గమనించక, దాన్ని హారంగా పెట్టుకున్న భిన్నం లాగ్‌లకూ టాన్ ఇన్వర్స్‌కూ లొంగదనుకున్నాడు. కాబట్టి నాలుగో ఘాతం ఉన్న హారం ఎదురైతే రెండు వర్గ సమాసాలుగా విడగొట్టే ప్రయత్నం చేయకుండా వదిలేయకండి.

అవధులు ఉంటే

మొదటి లెక్కకే తిరిగి వద్దాం. ఇంటిగ్రల్ గుర్తు పక్కన కింద 2, పైన 3 ఉన్నాయనుకోండి. x = 3 దగ్గర జవాబు విలువ 9/2 + 6 + 2 log 2 − 3/2 − log 4. 2 log 2, log 4 ఒకటే కాబట్టి అవి పోయి 9 మిగులుతుంది. x = 2 దగ్గర 2 + 4 + 0 − 3 − log 3, అంటే 3 − log 3. తేడా 6 + log 3, సుమారు 7.10. నమ్మదగినదేనా? అసలు భిన్నం విలువ x = 2 దగ్గర 8.67, మధ్యలో 2.5 దగ్గర సుమారు 6.88, 3 దగ్గర 6.5. వెడల్పు 1 ఉన్న ఆ జాగాలో వైశాల్యం 7 చుట్టుపక్కల రావడం సబబే.

అదే అవధులు 0 నుంచి 2 అయితే ప్రతిక్షేపించకూడదు. మధ్యలో x = 1 ఉంది, అక్కడ హారం సున్నా. పట్టించుకోకుండా వేసేస్తే (3 − log 3) − 3 = −log 3 అని ఒక సంఖ్య వస్తుంది, చూడటానికి మామూలు జవాబులాగే ఉంటుంది. కానీ x = 1 కి రెండు పక్కలా 3/(x − 1)² ముక్క హద్దు లేకుండా పైకి పోతుంది, ఆ ఇంటిగ్రల్‌కు పరిమిత విలువే లేదు. ఇలాంటి అవధులు కనబడితే వెంటనే ఫోటోకు తిరిగి వెళ్లి కింద ఉన్నది 0 యేనా, తోక కనబడని 6 లాంటిదా అని చూడండి. అవధులు చాలా చిన్నగా రాస్తారు, ఫోటోలో అన్నిటికన్నా మసకగా వచ్చేవీ అవే. అది నిజంగా 0 అయితే, ఇంటిగ్రల్ అపసరిస్తుందని రాయడమే సరైన జవాబు.